మూడు మూలల రెక్క దిగేటప్పుడే ఎందుకు మొండికేస్తుంది?

చంపావతి_గ్లైడర్
ఫోమ్ బోర్డుతో ఆర్సీ విమానం కట్టాను. మిరాజ్ ఫైటర్ ఆకారం, మూడు మూలల డెల్టా రెక్క, మధ్యలో ముందు నుంచి వెనక్కి 60 సెం.మీ. తోక రెక్క లేదు, వెనక అంచున పైకీ కిందికీ కదిలే రెండు పలకలు, ఎలెవాన్లే ఉన్నాయి. గాల్లో ఉన్నంతసేపూ ఏ పేచీ లేదు, నా పాత ట్రైనర్ కన్నా బాగా దూసుకుపోతోంది. దించేటప్పుడే గొడవంతా. నేల దగ్గరికి వచ్చాక థ్రాటిల్ తగ్గించి స్టిక్ వెనక్కి లాగితే ముక్కు లేస్తోంది, విమానం మాత్రం లేవకుండా మొదట కిందికి జారుతోంది. విజయనగరం బయట కోతలైపోయిన పొలంలో ఎగరేస్తున్నాను. నిన్న గట్టుకు తగిలి ముక్కు నలిగింది. ట్రైనర్ ఇదే పొలంలో ఎన్నిసార్లు దింపినా ఇలా చేయలేదు.

నా సందేహాలు రెండు. ఇంత మొండి రెక్కను యుద్ధ విమానాల వాళ్లు ఎందుకు వదలరు? రఫేల్‌కు ముందు వైపు చిన్న రెక్కలు పెట్టి, తేజస్‌కు ఎందుకు పెట్టలేదు?

టెక్కలి_టర్బో
సింపుల్. గాలి వెనక్కి లాగే లాగుడు, అదే డ్రాగ్, డెల్టాకు తక్కువ. అందుకే వాడతారు. ముందు చిన్న రెక్కలు పల్టీలు కొట్టడానికి. ఎయిర్ షోలో చూడలేదా?

పలాస_జీడిపప్పు
డెల్టా అంటే గోదావరి జిల్లాల గొడవనుకుని వచ్చా. మన వైపు కాదు కదా అని వెళ్లిపోబోతుంటే ముక్కు నలిగిందని కనిపించింది. కూర్చుంటున్నా.

బొబ్బిలి_వీణ
టర్బో గారూ, సగం ఒప్పుకుంటాను. ధ్వని వేగం దాటాక డ్రాగ్ తక్కువ. నెమ్మదిగా పోయేటప్పుడు పూర్తిగా తిరగబడుతుంది, డెల్టాకే ఎక్కువ. గ్లైడర్ గారు ఇరుక్కున్నదీ అక్కడే. రెక్క పొట్టిగా, వెడల్పుగా ఉంటే పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, పుట్టించడానికి డ్రాగ్ రూపంలో కట్టే మూల్యం పెరుగుతుంది. మిరాజ్ లాంటి రెక్కకు పొడవు వెడల్పుల నిష్పత్తి, యాస్పెక్ట్ రేషియో, 2 దగ్గర ఉంటుంది. మామూలు శిక్షణ విమానానికి 6 అనుకుందాం. అదే లిఫ్ట్‌కు ఆ డ్రాగ్ సుమారు మూడు రెట్లు.

టెక్కలి_టర్బో
నేనన్నది వేగంలో సంగతే మేడం. యుద్ధ విమానం నెమ్మదిగా పోవడానికా కొన్నారు?

గ్వాలియర్_రిటైర్డ్
దిగడానికి పోవాలి కదా బాబూ. ఎగిరిన ప్రతి విమానం దిగాల్సిందే.

మాది నరసన్నపేట దగ్గర. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా ముందు మిగ్-21 మీద, తర్వాత మిరాజ్-2000 మీద పనిచేశాను. పైలట్‌ని కాదు, రెంచీ పట్టుకున్నవాణ్ని. మొదటి సందేహం ముందు చూద్దాం.

మాక్ 2, అంటే ధ్వనికి రెట్టింపు వేగం దగ్గర, విమానం ముక్కు నుంచి వెనక్కి విచ్చుకునే గాలి అలల శంకువు ఉంటుంది, దాని కోణం మధ్య గీత నుంచి పక్కకు 30 డిగ్రీలు. రెక్క ముందు అంచును 60 డిగ్రీలు వెనక్కి వాల్చారనుకో, అంచు సరిగ్గా ఆ శంకువు గీత మీదికి వస్తుంది. ఇంకాస్త వాలిస్తే లోపలే ఉంటుంది. అప్పుడు అంచుకు నిటారుగా తగిలే గాలి వేగం ధ్వని వేగం లోపే, డ్రాగ్ తగ్గుతుంది. మిగ్-21 రెక్క 57, మిరాజ్-2000 రెక్క 58 డిగ్రీలు. ఎవరో లెక్క వేసుకునే గీశారు.

ఇంకో కారణం జనం పెద్దగా చెప్పరు గానీ, నన్నడిగితే అదే పెద్దది. ధ్వని వేగం దాటాలంటే రెక్క పల్చగా ఉండాలి, పొడవులో 5 శాతం మందం అనుకో. మామూలు రెక్క ముందు నుంచి వెనక్కి 2 మీటర్లుంటే 5 శాతం అంటే 10 సెం.మీ. అందులో దూలం పెట్టాలా, ఇంధనం పోయాలా? డెల్టా రెక్క ఒంటికి అతుక్కునే చోట 6 మీటర్లు ఉంటుంది. అదే 5 శాతానికి 30 సెం.మీ. వస్తుంది. చక్రం మడుచుకోవచ్చు, ఇంధనం పోయొచ్చు, దూలం బలంగానూ ఉంటుంది. గాలికి పల్చన, మనకు మందం.

నాగావళి_నాని
మరి అమెరికా వాళ్ల స్టార్‌ఫైటర్? దానికి తిన్నని పొట్టి రెక్కలే కదా, అదీ మాక్ 2 పోయింది.

గ్వాలియర్_రిటైర్డ్
పోయింది. ఆ రెక్క అంచు ఎంత పదునంటే నేల మీద ఉన్నప్పుడు కోసుకోకుండా తొడుగులు వేసేవారు. రెక్కలో ఇంధనానికి చోటు లేదు. దించడానికి ఇంజన్ నుంచి గాలి లాగి, రెక్క వెనక అంచున కిందికి దించే ఫ్లాప్‌ల మీద ఊదాల్సి వచ్చింది. డెల్టా వాళ్లు ఆ తిప్పలు పడలేదు, వేరే తిప్పలు పడ్డారు.

చీపురుపల్లి_రైతు
మాది పొలానికి మందు కొట్టే డ్రోన్. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముందుకు వాలుతోంది. దీనికీ ఈ డెల్టా పెడితే సరిపోద్దా?

పలాస_జీడిపప్పు
మాక్ 2లో మందు కొడతావా బావా. పక్క ఊరి పంటకు పడద్ది.

బొబ్బిలి_వీణ
రైతు గారూ, మీది రెక్క సమస్య కాదు, బరువు ఎక్కడుందన్న సమస్య. ట్యాంకు బరువు సరిగ్గా నాలుగు మోటార్ల మధ్యకు వస్తుందో లేదో చూడండి. నిజానికి గ్లైడర్ గారి గొడవా దీనికి చుట్టమే, అందుకే ఆయన్ని అడుగుతున్నాను. బరువు కేంద్రం, అదే సీజీ, ఎక్కడ పెట్టారు?

చంపావతి_గ్లైడర్
ముక్కు కొస నుంచి 22 సెం.మీ. దగ్గర. ముక్కు బరువుగా ఉంటే భద్రం అన్నారు కదా అని బ్యాటరీని బాగా ముందుకు తోశాను. తిన్నగా ఎగిరేటప్పుడు కూడా ఎలెవాన్లు వేలెడు పైకి లేచే ఉంటాయి. అలా ట్రిమ్ చేస్తేనే ఎత్తు నిలుస్తోంది.

గ్వాలియర్_రిటైర్డ్
దొరికింది. ఎలెవాన్ పైకి లేచి ఉందంటే రెక్క వెనక భాగం విమానాన్ని కిందికి నొక్కుతోందని అర్థం. మోసే రెక్కా అదే, నొక్కే రెక్కా అదే.

కావిడి మోసేవాణ్ని చూశావా? ముందు బుట్ట బరువైతే వెనక కర్రను చేత్తో కిందికి లాగి పట్టుకుంటాడు. కావిడి తిన్నగానే ఉంటుంది, ఆ లాగుడు బరువు మాత్రం భుజం మీదే పడుతుంది. తోక లేని డెల్టా చేసే పని అచ్చంగా ఇదే. దిగేటప్పుడు నువ్వు స్టిక్ ఇంకా లాగావు, ఎలెవాన్ ఇంకా లేచింది, వెనక నొక్కుడు పెరిగింది. ముక్కు లేవడానికి అర క్షణం పడుతుంది. ఆ లోపు మొత్తం లిఫ్ట్ తగ్గి విమానం కిందికి జారింది. గాల్లో ఎత్తున ఉంటే తెలియదు. గట్టు దగ్గర తెలుస్తుంది.

తోక ఉన్న విమానంలోనూ తోక కిందికే నొక్కుతుంది. కాకపోతే దూరంగా ఉంటుంది కాబట్టి కొంచెం నొక్కితే చాలు. ఇంకోటి, తోక ఉంటే రెక్కకు ఫ్లాప్‌లు దించుకోవచ్చు, దాని వల్ల ముక్కు వాలితే తోక సర్దుతుంది. తోక లేని డెల్టాలో వెనక అంచు కిందికి దించితే ముక్కు వాలిపోతుంది, సర్దేవాడు లేడు. అందుకే ఫ్లాప్‌లు ఉండవు. మిగ్-21కి డెల్టా రెక్కతో పాటు తోకా ఉంది కాబట్టి ఫ్లాప్‌లు పెట్టారు. అయినా బాగా వేగంగానే దిగేది. వెనక పారాచూట్ విప్పేవారు. రన్‌వే మీద పడిన ఆ పారాచూట్లు ఏరుకొచ్చి మడత పెట్టడం మా కుర్రాళ్ల డ్యూటీ.

టెక్కలి_టర్బో
ముక్కు ఇంకా పైకెత్తితే సరి కదా. డెల్టా 30 డిగ్రీల దాకా స్టాల్ కాదు, అంటే లిఫ్ట్ పడిపోదు, రెక్క మీద సుడులు పుడతాయి, వాటితో లిఫ్ట్ పెరుగుతూనే ఉంటుంది. ఇది నిజమేనా కాదా?

గ్వాలియర్_రిటైర్డ్
నిజమే. కానీ 30 డిగ్రీలు ఎత్తి దింపితే ముందు నేలకు తగిలేది చక్రాలు కాదు, ఇంజన్ నాజిల్. మిరాజ్-2000 సుమారు 14 డిగ్రీలతో దిగుతుంది. కాంకర్డ్ కూడా ఆ చుట్టుపక్కలే, అప్పటికే పైలట్‌కు రన్‌వే కనబడక ముక్కును కిందికి వంచే ఏర్పాటు చేశారు. రెక్క దగ్గర లిఫ్ట్ ఉంది, వాడుకోవడానికి చక్రాల కాళ్లు అంత పొడుగు లేవు.

పైగా ఆ సుడులు ఊరికే రావు. ముక్కు ఎత్తిన కొద్దీ డ్రాగ్ పెరుగుతుంది. ఒక వేగం కన్నా కిందికి పోతే నెమ్మదిగా పోవడానికే ఇంకా ఎక్కువ ఇంజన్ కావాలి. కొత్త పైలట్ వేగం తగ్గిందని ముక్కు ఎత్తుతాడు, డ్రాగ్ పెరిగి వేగం ఇంకా తగ్గుతుంది, ఇంకా ఎత్తుతాడు. ఆ వలయంలోంచి థ్రాటిల్ తోసే బయటపడాలి, స్టిక్‌తో కాదు.

నాగావళి_నాని
నేవీ డేకి వైజాగ్ ఆర్కే బీచ్‌లో చూశా, మిగ్-29కె గట్టిగా తిరిగినప్పుడు రెక్కల మీద తెల్లటి పొగలా కమ్మింది. ఆ సుడులేనా?

బొబ్బిలి_వీణ
సుడులు కూడా ఉంటాయి. దాని రెక్క డెల్టా కాదు గానీ, రెక్క మొదట్లో ముందుకు సాగిన అంచు ఉంటుంది, అది చేసే పని ఇలాంటిదే. సుడి నడుమ ఒత్తిడి పడిపోయి గాలి చల్లబడుతుంది. మన సముద్ర తీరంలో తేమకు కొదవ లేదు కాబట్టి వెంటనే మబ్బు కడుతుంది. రాజస్థాన్‌లో అదే విన్యాసం చేస్తే అంతగా కనబడదు.

చంపావతి_గ్లైడర్
ఇప్పుడు రెండో సందేహానికి వద్దాం. వెనక నొక్కే బదులు ముందు ఎత్తితే సరిపోతుందనే కదా ఆ ముందు చిన్న రెక్క, కెనార్డ్?

బొబ్బిలి_వీణ
అవును, లెక్కే వేసి చూద్దాం. అంకెలు నా సౌకర్యానికి పెట్టుకున్నవి, ఏ విమానానివీ కావు.

బరువు 9,000 కిలోలు. రెక్క లిఫ్ట్ సీజీకి 30 సెం.మీ. వెనక పనిచేస్తోంది, కాబట్టి ముక్కు వాలాలని చూస్తుంది. తోక లేని డెల్టాలో ఎలెవాన్ సీజీకి 3 మీటర్ల వెనక ఉందనుకోండి. అది రెక్క లిఫ్ట్‌లో పదో వంతు కిందికి నొక్కాలి. అంటే రెక్క 10,000 ఎత్తాలి, ఎలెవాన్ 1,000 నొక్కాలి, మిగిలేది 9,000. టన్ను ఉత్తినే పోయింది.

ఇప్పుడు ఎలెవాన్ బదులు సీజీకి 4 మీటర్ల ముందు కెనార్డ్ పెట్టండి. అది పైకి సుమారు 630 ఎత్తితే ముక్కు నిలబడుతుంది. రెక్క ఎత్తాల్సింది 8,370 మాత్రమే. అదే కోణంలో లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మొదటిది గంటకు 300 కి.మీ. వేగంతో దిగితే రెండోది దాదాపు 275తో దిగొచ్చు. బ్రేకులు మింగాల్సిన శక్తి ఆరో వంతు తగ్గుతుంది.

అసలు లాభం ఇంకొకటి. స్టిక్ లాగగానే కెనార్డ్ పైకే ఎత్తుతుంది, విమానం ముందు జారి తర్వాత లేవడం ఉండదు.

టెక్కలి_టర్బో
అంటే కెనార్డ్ పెట్టని వాళ్లంతా తెలివితక్కువ వాళ్లా?

గ్వాలియర్_రిటైర్డ్
మేడం గారి లెక్క తప్పు కాదు, కానీ అందులో ఒక గోతి ఉంది. సీజీ నుంచి అదే 30 సెం.మీ. రెండు విమానాలకూ పెట్టారు. ముందు రెక్క పెట్టగానే మొత్తం విమానం లిఫ్ట్ కేంద్రం ముందుకు జరుగుతుంది. గాలి దెబ్బకు ముక్కు కాస్త లేస్తే కెనార్డ్ ఇంకా లేపుతుంది. అంటే స్థిరత్వం తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. పోకూడదంటే సీజీని ఇంకా ముందుకు జరపాలి, అప్పుడు కెనార్డ్ ఇంకా ఎక్కువ మోయాలి, మీ 630 ఎక్కడికో పోతుంది. దానికి తోడు కెనార్డ్ వెనక గాలి కిందికి వంగి రెక్క లోపలి భాగం మీద పడుతుంది, అక్కడ లిఫ్ట్ కొంత తగ్గుతుంది.

సీజీని జరపకుండా అస్థిరంగానే వదిలేసి, కంప్యూటర్ చేత సెకనుకు ఎన్నోసార్లు సర్దిస్తే మీ లెక్క నిజమవుతుంది. కానీ కంప్యూటరే ఉంటే కెనార్డ్ లేకుండా కూడా సగం రోగం కుదురుతుంది. మిరాజ్-2000 చేసింది అదే. పాత మిరాజ్-3కి సీజీ ముందు ఉండేది, ఎలెవాన్ పైకి లేపి ఎగరాల్సిందే. 1978లో మొదట ఎగిరిన మిరాజ్-2000లో సీజీని వెనక్కి తెచ్చారు, కంప్యూటర్ సర్దే ఫ్లై బై వైర్ పెట్టారు. దిగేటప్పుడు దాని ఎలెవాన్ కిందికి దిగి రెక్కతో పాటు తానూ మోస్తుంది. ముందు అంచున విచ్చుకునే స్లాట్లు కూడా ఉన్నాయి. రెండూ డెల్టాలే, పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, దిగే వేగంలో మాత్రం చాలా తేడా.

తేజస్ కూడా ఆ దారే. తోకా లేదు, కెనార్డూ లేదు, అస్థిరం, కంప్యూటర్ సర్దుతుంది. చిన్న విమానం, ఒకటే ఇంజన్. ముందు రెండు రెక్కలు, వాటిని కదిపే జాక్‌ల బరువు మిగిలితే ఆ మాత్రం బాంబు మోయొచ్చు.

నాగావళి_నాని
అయితే నేవీ తేజస్‌కు రెక్క మొదట్లో ఏదో కదిలే ముక్క పెట్టారు కదా? 2020 జనవరిలో విక్రమాదిత్య మీద దిగింది.

గ్వాలియర్_రిటైర్డ్
లెవ్‌కాన్. సరిగ్గా పట్టుకున్నావు. నేల మీద రన్‌వే పొడుగు ఉంటుంది కాబట్టి డెల్టా వేగాన్ని ఓర్చుకోవచ్చు, ఓడ మీద ఓర్చుకోలేం. అదనపు లిఫ్ట్ కావాలి, పైలట్‌కు డెక్ కనబడాలి. అందుకే రెక్క ముందు అంచు మొదట్లో ఆ కదిలే ముక్క. తేజస్ మార్క్-2 డిజైన్‌లో అసలు కెనార్డ్‌లే వచ్చేశాయి. విమానం పొడుగు, బరువు పెరిగాయి, పాత లెక్క సరిపోలేదు.

టెక్కలి_టర్బో
చూశారా, చివరికి కెనార్డే గెలిచింది.

బొబ్బిలి_వీణ
సుఖోయ్ వాళ్లు మన సు-30ఎంకేఐకి కెనార్డ్‌లు పెట్టి, తర్వాతి సు-35లో తీసేశారు. దానికేమంటారు?

టెక్కలి_టర్బో
దానికి తోక ఉంది మేడం. నేను తోక లేని వాటి గురించి మాట్లాడుతున్నా.

పలాస_జీడిపప్పు
మొదట్లో పల్టీల కోసం అన్నావు. నీ వాదనకూ కంప్యూటర్ ఉండాలి, అస్థిరంగా ఉంది.

రణస్థలం_వాచర్
కెనార్డ్ లాభం పల్టీల్లో కాదు, పొట్టి రన్‌వేలో చూడాలంటే స్వీడన్ విగ్గెన్ చూడండి. 1967లో మొదట ఎగిరింది. యుద్ధం వస్తే విమానాశ్రయాలు ముందు పోతాయని వాళ్ల భయం, అందుకే హైవే మీద 500 మీటర్లలో దిగే విమానం కావాలన్నారు. దాని కెనార్డ్‌లు కదలవు, కానీ వాటి వెనక ఫ్లాప్‌లు ఉంటాయి. ముందు ఫ్లాప్ దించి ముక్కు ఎత్తుతారు, వెనక ఎలెవాన్లు కూడా కిందికి దించుకోవచ్చు. రెండు రెక్కలూ పైకే ఎత్తుతాయి. దిగగానే ఇంజన్ గాలిని ముందుకు తిప్పి ఆపుతారు. కెనార్డ్ సుడులు వెనక రెక్క మీదుగా పోయి అక్కడి గాలి విడిపోకుండా పట్టి ఉంచుతాయి. రఫేల్‌లో కెనార్డ్ రెక్కకు అంత దగ్గరగా ఉండేది అందుకే. యూరోఫైటర్‌లో అది బాగా ముందుకు, కాక్‌పిట్ దగ్గరికి పోయింది. అక్కడ సుడుల కన్నా దూరం నుంచి ముక్కును తిప్పే బలం ముఖ్యం.

గ్రిపెన్ దిగాక ఇంకో తమాషా. కెనార్డ్‌లు ముందుకు బాగా వంగి గాలికి అడ్డం పడతాయి, బ్రేకుల్లా పనిచేస్తాయి, ముందు చక్రాన్నీ నేలకు అదుముతాయి.

గ్వాలియర్_రిటైర్డ్
సుడుల సంగతి ఒప్పుకుంటాను. కానీ రేడార్‌కు ఎదురుగా కదిలే రెక్కలు ఉండటం మంచిది కాదని నా అభిప్రాయం.

రణస్థలం_వాచర్
చైనా జె-20కి కెనార్డ్‌లే ఉన్నాయి కదా, వాళ్లు స్టెల్త్ అంటున్నారు.

గ్వాలియర్_రిటైర్డ్
అంటున్నారు. ముందు నుంచి చూస్తే ఎంత కనబడుతుందో వాళ్లకే తెలియాలి. అమెరికా వాళ్లు ఎఫ్-22కి తోకే పెట్టుకున్నారు. దీని మీద మా పాత సహోద్యోగులతోనే ఇప్పటికీ తెగలేదు.

చంపావతి_గ్లైడర్
నా దగ్గర ఫోమ్ ముక్క మిగిలింది, రెండు సర్వోలున్నాయి, విమానాన్ని తనంతట తానే సర్దే జైరో లేదు. కెనార్డ్ అతికించనా వద్దా?

టెక్కలి_టర్బో
అతికించేయ్.

గ్వాలియర్_రిటైర్డ్
జైరో లేకుండా ఇప్పుడే వద్దు. ముందు ఉన్నదాన్ని సరిచెయ్యి. నీ రెక్క దాదాపు త్రిభుజం కాబట్టి లిఫ్ట్ కేంద్రం ముక్కు నుంచి 30 సెం.మీ. దగ్గర, లేదా ఒకటి రెండు వెనక ఉంటుంది. నువ్వు సీజీ 22 దగ్గర పెట్టావు. రెక్క ముందు నుంచి వెనక్కి సగటున 40 సెం.మీ., అంటే అందులో ఐదో వంతు ముందుంది, మరీ ఎక్కువ. బ్యాటరీని అర సెంటీమీటరు చొప్పున వెనక్కి జరుపుతూ 26 దాకా తీసుకురా. ప్రతిసారీ గడ్డి మీద ఇంజన్ లేకుండా చేత్తో తిన్నగా విసిరి చూడు. ఎలెవాన్ లేపాల్సిన అవసరం తగ్గుతూ రావాలి. విసిరినప్పుడు ముక్కు తనంతట తానే లేచి ఆగి పడిందంటే హద్దు దాటావు, ఒక సెంటీమీటరు ముందుకు తే.

దించేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూయకు. ముక్కు దూరం నుంచే ఎత్తి పెట్టుకుని, దిగే వేగాన్ని థ్రాటిల్‌తో సర్దుకుంటూ రా. గట్టు దగ్గర స్టిక్ లాగే పని పెట్టుకోకు.

బొబ్బిలి_వీణ
ఆ తర్వాత కెనార్డ్ సరదా ఉంటే వేరే ఫోమ్ మీద చేయండి. దాన్ని రెక్క కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కోణంలో పెట్టాలి, సీజీ ఇంకా ముందుకు తేవాలి. జైరో లేని విమానంలో కెనార్డే మొదట స్టాల్ కావాలి. అప్పుడు ముక్కు దానంతట అదే వాలి తేరుకుంటుంది. రెక్క మొదట స్టాలైతే వెనక భాగం కిందికి జారి తిరగబడుతుంది, దాన్ని స్టిక్‌తో ఆపలేరు.

చంపావతి_గ్లైడర్
26 దగ్గరికి రావాలంటే మోటారు మౌంట్ అడ్డొస్తోంది. బ్యాటరీ తిప్పి నిలువుగా పెడతాను.

చీపురుపల్లి_రైతు
నా ట్యాంకు నిజంగానే నాలుగు వేళ్లు ముందుంది మేడం. బిగించినవాడు చూడకుండానే బిగించాడు. వెనక్కి జరపమంటే ఇంకో బిల్లు అంటున్నాడు.